కిలో మందు ధరలో నక్కవాగు లెక్క ఎక్కడ?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఎకనామిక్స్ లెక్చరర్, మాత్రలకు ముడిసరుకు చేసే బల్క్‌డ్రగ్ పరిశ్రమలో వ్యర్థజలాల విభాగం చూసి రిటైరైన ఇంజినీరు, నక్కవాగు ఒడ్డు రైతు.)

యాంకర్: పటాన్‌చెరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీల వల్ల నక్కవాగుకు పట్టిన కాలుష్యం గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ధర గురించి అడుగుతాను. ఆ మందు ధరలో కూలీ ఉంటుంది, కరెంటు ఉంటుంది, లాభం ఉంటుంది. పాడైన నీళ్ల ఖర్చు ఎందుకు ఉండదు మేడం?

లెక్చరర్: బేరంలో ఇద్దరే కూర్చుంటారు కాబట్టి. అమ్మేవాడు, కొనేవాడు. కరెంటు వాడితే బిల్లు వస్తుంది, కూలీకి జీతం ఇవ్వకపోతే రేపు రాడు. వాగుకు మాత్రం బిల్లు వేసేవాళ్లు లేరు. నష్టపోయే మూడోమనిషి ఆ గదిలోనే లేడు. దీన్ని బాహ్య ప్రభావం అంటాం. ఇది జరగడానికి యజమాని చెడ్డవాడే కానక్కర్లేదు, మంచివాడైనా ఇదే జరుగుతుంది.

రైతు: మంచోడైతే ఎట్ల జరుగుతది మేడం?

లెక్చరర్: ఒక ఊహాలెక్క చెప్తాను. కిలో మందు ధర రెండు వేలు అనుకుందాం, నీటిని సరిగ్గా శుద్ధి చేయడానికి కిలోకు వంద ఖర్చు. ఒక యజమాని మనస్సాక్షితో ఆ వంద ఖర్చుపెట్టి 2,100 అడుగుతాడు. పక్కవాడు రెండు వేలకే ఇస్తాడు. కొనేవాడు ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు, మందు నాణ్యత రెండు చోట్లా ఒకటే. ఎవరి దగ్గర కొంటాడు? స్వీడన్‌లో మందుల షాపులు ఒకే మందు చేసే కంపెనీల్లో చవకైనదాన్ని ఇవ్వాలన్న విధానమే ఉంది. అక్కడి పన్ను చెల్లింపుదారుకు అది మంచిదే. ఇక్కడ శుద్ధి చేసినవాడికి మాత్రం ఆర్డరు పోతుంది.

యాంకర్: ఇంజినీరుగారూ, ఆ వంద రూపాయలు దేనికవుతాయి?

ఇంజినీరు: ఎక్కువగా ఆవిరికి, కరెంటుకి. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ, మందు తయారీలో వాడే సాల్వెంట్లు అంటే ద్రావకాలు ఉంటాయి. ఉప్పు ఎక్కువుంటే, మురుగును తిని శుద్ధి చేసే మామూలు సూక్ష్మజీవులు తట్టుకోలేవు. అందుకని ఎంఈఈ అనే ఆవిరి యంత్రంలో దశలవారీగా మరగబెట్టి నీటిని ఆవిరి చేయాలి. మిగిలిన చిక్కటి ద్రావణాన్ని డ్రయ్యర్‌లో ఆరబెట్టి, ఆ ఉప్పును ప్రమాదకర వ్యర్థాల యార్డుకు పంపాలి. బాయిలర్‌కు బొగ్గు ప్రతిరోజూ కావాలి. ఉత్పత్తి ఆగితే సేల్స్ వాళ్లు గంటలో ఫోన్ చేస్తారు. ఎంఈఈ ఆగితే ఎవరూ చెయ్యరు.

రైతు: రాత్రి ట్యాంకర్ వాగుల ఇడిస్తే గూడ ఎవరూ ఫోన్ చెయ్యరు. వానొస్తే ఇంకా సులువు. తెల్లారేసరికి నురుగ వస్తది, వాన నీళ్లల్ల కలిసిపోతది. మా నాయిన కాలంల ఆ నీళ్లతోనే వరి పండిచ్చినం. తర్వాత బోరు నీళ్లు గూడ రంగు మారినయి. బర్రెలు మూతి పెట్టి తిప్పుకుంటుండె.

ఇంజినీరు: అందరూ అలా చేశారనడం సరికాదు పెద్దాయనా. అయితే చేసినవాళ్లు లేరని నేను చెప్పను.

యాంకర్: ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది కదా?

లెక్చరర్: ఉంది. అసలు కథ అక్కడే ఉంది. సుమారు 90 బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీల నీళ్లు అక్కడికి చేరేవి. అందులోంచి శుద్ధయి బయటకొచ్చే నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ ఇది. అప్పట్లో ఆ కేంద్రం నుంచి రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు వెళ్లేవి. లీటరుకు 30 మిల్లీగ్రాములు వేసుకున్నా రోజుకు 45 కిలోలు. స్వీడన్ దేశం మొత్తం సుమారు ఐదు రోజుల్లో వాడే మందు అది.

యాంకర్: శుద్ధి చేశాక?

ఇంజినీరు: మాకిచ్చిన పరీక్షలు సీఓడీ, బీఓడీ, టీడీఎస్, పీహెచ్. అంటే నీటిలోని మురుగు ఎంత ఆక్సిజన్ లాగుతుంది, కరిగిన లవణాలెంత, ఆమ్లమా క్షారమా అన్నవే. యాంటీబయాటిక్ ఎంత మిగిలిందన్న గడి రిపోర్టులోనే లేదు. లేని గడిని ఏ కెమిస్టు నింపుతాడు?

లెక్చరర్: సరిగ్గా చెప్పారు. కొలవనిదానికి ధర పెట్టలేం. కొలత తప్పైనా గొడవే. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు దాటొద్దని రాస్తే, బోరు నీళ్లు కలిపి పలచన చేసి హద్దులోకి తెస్తారు. వాగులోకి వెళ్లే మొత్తం కాలుష్యం మాత్రం అంతే ఉంటుంది, పైగా భూగర్భజలం ఖర్చు.

యాంకర్: మరి పన్ను వేస్తే? పిగూ అనే ఆర్థికవేత్త చెప్పింది అదే కదా.

లెక్చరర్: అవును, ఆ ఆలోచన 1920 నాటిది. నష్టమెంతో అంత పన్ను వేస్తే ఆ ఖర్చు ధరలోకి వస్తుంది. అయితే పన్ను దేని మీద వేయాలో చూసుకోవాలి. మందు కిలో మీద వేశామనుకోండి, శుద్ధి చేసినవాడూ కడతాడు, వాగులో వదిలినవాడూ కడతాడు. ఇక శుద్ధి ఎందుకు చేస్తారు? వదిలిన కాలుష్యం మీదే పడాలి. మళ్లీ కొలత దగ్గరికే వచ్చాం.

రైతు: మరి మేమే ఫ్యాక్టరోళ్లతోని కూసొని బేరం చేస్కుంటే? మాకింత ఇయ్యి, లేకుంటె ఆపు, అని.

లెక్చరర్: కోస్ అనే ఆర్థికవేత్త 1960లో ఆ దారి గురించే రాశాడు. హక్కు ఎవరిదో తేలి, బేరమాడే ఖర్చు లేకపోతే ఇరువర్గాలే తేల్చుకోవచ్చని. ఇక్కడ ఒకవైపు 90 ఫ్యాక్టరీలు, మరోవైపు మంజీర దాకా ఎన్నో ఊళ్లు. నీళ్లన్నీ ఒకేచోట కలిశాక మీ పొలం చెడింది ఎవరి వల్లో ఎలా చూపిస్తారు? పైగా నీటిలో యాంటీబయాటిక్ ఉంటే దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా పెరుగుతుంది. మందులకు లొంగని ఆ బ్యాక్టీరియా ఎప్పుడో, ఎక్కడో రోగికి సోకుతుంది. ఆ రోగి బేరానికి ఎలా వస్తాడు?

రైతు: కోర్టుకు గూడ పోయినం కద.

లెక్చరర్: 1990లో సుప్రీంకోర్టులో పడ్డ కేసు, 2001లో హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఒక తరం గడిచింది. బేరమాడే ఖర్చంటే ఇదే.

ఇంజినీరు: మధ్యలో పైపులైన్ వేసి ఆ నీటిని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు.

రైతు: మా వాగు నుంచి మూసీకి పోయిందన్నట్టు. కింది రైతులకు ఎవరు చెప్పిండ్రు?

యాంకర్: మరి యాంటీబయాటిక్ మీద హద్దు ఇప్పటికైనా వచ్చిందా?

లెక్చరర్: కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది, ఒక్కో మందుకు హద్దులు రాసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు లేవు.

ఇంజినీరు: అన్ని మందులకూ ఆ స్థాయిలో కొలవాలంటే ఖరీదైన యంత్రాలు కావాలి మేడం. చిన్న యూనిట్లు మూతపడతాయి.

రైతు: మూతపడాలని మేమనట్లేదు సార్. మా ఊరి పిల్లలు అందులనే పనిచేస్తుండ్రు. కానీ ఆ యంత్రం ఖర్చు మేం కడుతున్నం కద ఇప్పుడు. నీళ్లు కొనుక్కుంటున్నం.

లెక్చరర్: యంత్రం ప్రతి యూనిట్‌లో ఉండక్కర్లేదు. ట్యాంకర్ ఫ్యాక్టరీ గేటు దాటకముందే నమూనా తీసి, సీలు వేసి, బయటి ల్యాబ్‌కు పంపితే చాలు. అన్ని నీళ్లూ కలవకముందే, ఎవరివి వాళ్లవిగా ఉన్నప్పుడు తీయాలి. ఆ మందు తయారుచేసే యూనిట్లకే ఆ పరీక్ష, ఖర్చు కూడా వాళ్లదే.

ఇంజినీరు: నమూనా ఎవరు తీస్తారు? ఫ్యాక్టరీ మనిషైతే ఏ ట్యాంకర్‌లోంచి తీయాలో అతనికి బాగా తెలుసు.

రైతు: మా ఊరోణ్ణి నిలబెట్టుండ్రి.

ఇంజినీరు: నిలబెట్టొచ్చు. రాత్రి రెండింటికి కూడా నిలబడాలి మరి.