గెడ్డ దిగిన చోట మెరక

శ్రోతలకు నమస్కారం.

పల్లంలో ఇల్లు కట్టకూడదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాగావళి ఒడ్డునా, వంశధార ఒడ్డునా పుట్టిపెరిగినవాళ్లకి అది చిన్నప్పుడే తెలుస్తుంది. మరి మెరక మీద కట్టుకుంటే? అందులోనూ కొండ కింద, చుక్క నీరు నిలవని రాతినేల మీద? ఇవాళ ఆ మెరక గురించే నాలుగు మాటలు.

మా బావ ఒకాయన మందస వైపు కొండ దిగువన స్థలం కొన్నాడు. నన్ను తీసుకెళ్లి చూపించాడు. "ఏటి బావా, ఇంత మెరక ఇంకెక్కడ దొరుకుతాది? వాన వెలిసిన గంటకి కాలికి బురద అంటదు" అన్నాడు. నిజమే, అంటదు. ఆ స్థలానికి రెండు వందల అడుగుల దూరంలో ఒక గెడ్డ ఉంది. ఎండాకాలం కదా, అడుగున రాళ్లు తప్ప నీళ్లు లేవు. నాకు ఆ గెడ్డ కన్నా, బావ మెచ్చుకున్న మెరక మీదే అనుమానం వచ్చింది. ఇంత మెరక ఇక్కడికి ఎలా వచ్చింది?

అది తెలియాలంటే కొండ మీద నించి నీటితోపాటు దిగాలి. కొండల మధ్య గెడ్డకి అటూ ఇటూ రాతిగట్లు. ఎంత నీరొచ్చినా పక్కకి పోయే దారి లేదు, లోతుగా, జోరుగా దిగాల్సిందే. ఆ జోరుకి మట్టీ, ఇసకా, గుండ్రాళ్లూ అన్నీ కదిలి వస్తాయి. కొండ దాటి మైదానం ముఖం చూడగానే ఆ గట్లు ఒక్కసారిగా అయిపోతాయి. పది మీటర్ల వెడల్పున, రెండు మీటర్ల లోతున వచ్చిన నీరు వంద మీటర్ల వెడల్పుకి పరుచుకుందనుకోండి. లోతు జానెడే మిగులుతుంది. లోతు తగ్గితే జోరు తగ్గుతుంది, వాలూ తగ్గుతుంది, కొంత నీరు రాళ్ల సందుల్లో ఇంకిపోతుంది. మోసే బలం పోయిన నీరు ముందు పెద్దరాళ్లని వదిలేస్తుంది, తరవాత గులకరాళ్లు, ఇంకా కిందకి ఇసక, చివర్న ఒండ్రు. గెడ్డ మేట వేసిందంటామే, అదే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మేట వేసుకుంటూ పోతే గెడ్డ తన అడుగుని తానే పైకి లేపుకుంటుంది. కొన్నాళ్లకి గెడ్డే ఎత్తున ఉంటుంది, పక్క నేల పల్లమవుతుంది. ఒక పెద్ద వానకి గట్టు తెగి పల్లానికి దూకుతుంది, అక్కడ కొత్తదారి చేసుకుని మళ్లీ మేట వేస్తుంది. అదీ నిండాక ఇంకో వైపు. వందల వేల ఏళ్లు ఇలా కుడికీ ఎడమకీ ఊగి ఊగి, కొండ నోటి దగ్గర నించి కిందకి తాటాకు విసనకర్ర విప్పినట్టు నేలని పరుస్తుంది. అందుకే దాన్ని ఒండ్రు విసనకర్ర అంటారు. బావ స్థలంలోని మెరక అదే. ఆ మెరకని పోసింది వరదే.

హిమాలయాల్లో, ఎడారి కొండల కింద ఇవి మైళ్ల కొద్దీ ఉంటాయి, ఎందుకంటే అక్కడ కొండలు నిటారుగా లేచి ఉంటాయి, రాళ్లు ఎడతెగకుండా రాలతాయి. మన తూర్పు కనుమలు ముసలి కొండలు. మన దగ్గర ఉన్నవి చిన్నవి, చాలా వాటి మీద జీడితోటలో మామిడితోటలో ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. చిన్నదైనా పద్ధతి ఒక్కటే.

ఇక వరద హఠాత్తుగా ఎందుకొస్తుంది? ఒక లెక్క వేద్దాం. గెడ్డకి నీరిచ్చే కొండ విస్తీర్ణం 5 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. గంటలో 100 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల ఘనపు మీటర్ల నీరు. సగం ఇంకినా, మిగతా సగం ఒక గంటలో దిగితే సెకనుకి దాదాపు 70 ఘనపు మీటర్లు, అంటే రమారమి 2,500 క్యూసెక్కులు. పది వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు సెకనుకి ఏడు వచ్చి పడినట్టు. మోకాలు తడవకుండా దాటే గెడ్డలో! వంశధారకైతే గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసి కింది ఊళ్లకి కబురు చెబుతారు, కొన్ని గంటలు చేతిలో ఉంటాయి. గెడ్డకి ఆ వ్యవధి లేదు. మీ నెత్తిన వాన పడకపోయినా, కొండ మీద పడితే చాలు.

పైగా వచ్చేది ఉత్త నీరు కాదు. రాళ్లూ మట్టీ పాలు పెరిగితే అది కలిపిన సిమెంటు ముద్దలా నడుస్తుంది. అంతటి బరువైన ముద్దలో పెద్ద బండలు కూడా తేలినట్టే వస్తాయి.

2025 ఆగస్టు 5న ఉత్తరాఖండ్‌లో ధరాలీ ఊరికి అయింది ఇదే. గంగోత్రికి పోయే దారిలో, ఖీర్ గాడ్ అనే గెడ్డ భాగీరథిలో కలిసే చోట, ఆ గెడ్డ మేట వేసిన విసనకర్ర మీదే హోటళ్లూ ఇళ్లూ బజారూ లేచాయి. నీరు తన ఇరుకు కాలువలో పట్టక ఊరి మీదుగా పరుచుకుంది. ఎదుటి ఒడ్డున ముఖ్బా గ్రామం నించి జనం తీసిన వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. తరవాత ఉపగ్రహ చిత్రాల్లో ఇస్రో కొలిస్తే, కొత్తగా పడిన మేట దాదాపు 20 హెక్టార్లు, 750 మీటర్ల పొడవు, 450 మీటర్ల వెడల్పు. ఆకారం? మళ్లీ విసనకర్రే. పాత విసనకర్ర మీద కొత్త పొర పడిందంతే. ఆ ఊళ్లోని కల్ప కేదార్ గుడి అంతకుముందే నేలమట్టానికి దిగువన ఉండేది, మెట్లు దిగి వెళ్లేవారు. పూర్వపు వరదలు దాని చుట్టూ మేట వేసి నేలని లేపేశాయన్న మాట. గుడి అలా లోపలికి దిగి ఉంటే జనానికి అది వింతే అయింది గానీ హెచ్చరిక కాలేదు.

మనం స్థలం కొనేటప్పుడు గెడ్డ పోరంబోకు ఎక్కడుందో పటంలో చూసుకుంటాం, దానికి దూరంగా ఉన్నామని ధైర్యపడతాం. పటం గీసింది సర్వే నాటి గెడ్డని. విసనకర్ర మీద గెడ్డకి స్థిరమైన హద్దంటూ ఉండదు. కల్వర్టు కట్టినా అంతే. ఒక చెట్టు మోడూ నాలుగు బండలూ తూములో ఇరుక్కుంటే చాలు, నీరు రోడ్డెక్కి ఎటు పోతుందో చెప్పలేం. రెండు పక్కలా గోడలు కడితే కొంతకాలం ఆగుతుంది గానీ, అడుగున మేట పడుతూనే ఉంటుంది. ఏటా తవ్వి తీయకపోతే ఆ గోడల ఎత్తు చాలదు.

బావతో కొండకి అడ్డంగా, అంచు వెంబడే అర కిలోమీటరు నడిచాను. తాబేలు వీపు ఎక్కి దిగినట్టు నేల నెమ్మదిగా లేచి, మళ్లీ నెమ్మదిగా దిగింది. గెడ్డ ఉన్నది పల్లంలో కాదు, ఆ వీపు మీద. తరవాత పక్కతోటలో కొత్తగా తవ్విన బావి చూశాం. గోడలో అడుగు మందాన ఎర్రమట్టి, దాని కింద తలకాయంత రాళ్లు గరుకు కోణాలతో, మళ్లీ ఇసక, మళ్లీ రాళ్లు. ఒకచోట రాళ్ల మధ్య నల్లబడిన చెట్టు మొద్దు. నదిలో దూరం దొర్లిన రాయి నున్నబడుతుంది, ఇవి కోణాలు కూడా అరగలేదు. దగ్గర్లోనే ఊడిపడి ఒక్క ఊపున వచ్చినవి.

తోట కాపలా పెద్దాయన్ని అడిగాం, గెడ్డ ఎప్పుడూ ఇక్కడే ఉండేదా తాతా అని. ఆయన చేత్తో బావ స్థలం అవతలున్న తుమ్మచెట్ల వరస చూపించాడు. "మా అయ్య నాటికి అటేపు పారేది బాబూ" అన్నాడు.

బావ ఇల్లు మొదలెట్టలేదు. ఆ స్థలంలో ఈ ఏడు జీడిమొక్కలు వేశాడు.