మొదటి మెయిల్‌లో శాతం రాశారో, పని చెడినట్టే

“అన్నా, నేనూ నా ఫ్రెండూ కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాం, 50-50. 14 నెలలుగా నేను ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ చేస్తున్నా. వాడు జాబ్‌లోనే ఉండి వీకెండ్స్‌లో పని చేస్తున్నాడు. వాటాలు, రోల్స్ గురించి మెయిల్ పెట్టాలి. నింద వేసినట్టు ఉండకూడదు. ఎలా రాయాలి?”

తమ్ముడూ, ఆ మెయిల్‌లో శాతం రాయొద్దు. 70-30 వద్దు, 60-40 వద్దు, “నాకు కాస్త ఎక్కువ రావాలి” అన్న మాట కూడా వద్దు. ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకో.

ఎందుకంటే 70-30 అని కనబడిందనుకో, నీ 14 నెలల కష్టం గురించి రాసిన పేరా వాడి కంటికి ఆనదు. తన చేతిలోంచి 20 పోతోందన్నదే కనబడుతుంది. ఆ రాత్రే ఇంట్లో చెప్తాడు, ఇంట్లోవాళ్లు “నిన్ను గెంటేస్తున్నాడు” అంటారు. ఇక తెల్లారి వచ్చే జవాబు నీ ఫ్రెండ్‌ది కాదు, ఇంటిల్లిపాదిదీ.

దీనికి మన చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఏంటో తెలుసా? “గట్టిగా రాయి, దారికొస్తాడు.” ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది! ఎలా దారికొస్తాడు? వాడి పేరు మీదున్న షేర్లు వాడి ఆస్తి. SH-4 ఫారం మీద వాడు సంతకం పెట్టకుండా ఒక్క షేరు కూడా నీ పేరు మీదకి రాదు. కంపెనీ నియమావళి మార్చాలంటే స్పెషల్ రిజల్యూషన్ కావాలి, అంటే పడిన ఓట్లలో 75 శాతం. నీ దగ్గరున్నది 50. మామూలు తీర్మానానికి కూడా సగం కంటే ఎక్కువ కావాలి కదా, నీ ఓటు ఒక్కటే దానికీ చాలదు. కాబట్టి మెత్తగా రాయమంటున్నది మర్యాద కోసం మాత్రమే కాదు. వాడు ఒప్పుకుంటే తప్ప నీకు వేరే దారి లేదు.

ఇంకా పెద్ద గొడవ కావాలంటే స్నాప్‌చాట్ చూడండి. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన కథ, ఆ యాప్ ఆలోచన తనదేనన్న రెజీ బ్రౌన్ అనే స్నేహితుడు ఆ ఏడాదే బయటికెళ్లాడు. 2013లో దావా వేశాడు, 2014లో రాజీ. ఆ రాజీకి కంపెనీ ఇచ్చింది 15.75 కోట్ల డాలర్లు! పబ్లిక్ ఇష్యూకి వెళ్లేటప్పుడు 2017లో ఆ అంకె బయటపెట్టాల్సి వచ్చింది. వాటాల మాట మొదట్లో తేల్చుకోకపోతే తర్వాత పడే బిల్లు ఆ రకంగా ఉంటుంది.

సరే, శాతం రాయకుండా మరి ఏం రాయాలి? నా మాట సూటిగా చెప్తా. నూటికి తొంభై గొడవల్లో తప్పు 50-50లో లేదని నేను నమ్ముతా. వెస్టింగ్, అంటే పని చేసిన నెలల్నిబట్టి షేర్లు కొంచెం కొంచెంగా పక్కా అయ్యే పద్ధతి, పెట్టకపోవడమే తప్పు. మొదటి రోజే షేర్లన్నీ పూర్తిగా ఇచ్చేసుకున్నారు, రేపు మానేసినా సగం కంపెనీ వాడిదే. ఆ భయమే నీకు 14 నెలలుగా నిద్ర లేకుండా చేస్తోంది. నిష్పత్తి గురించి అడిగితే వాడి ఆస్తి లాక్కున్నట్టు ఉంటుంది. వెస్టింగ్ అడిగితే ఇద్దరికీ ఒకే రూల్ పెట్టినట్టు ఉంటుంది, ఎందుకంటే నీ షేర్లూ దాని కిందకే వస్తాయి.

లెక్క వేసి చూపిస్తా. 10 రూపాయల షేర్లు 10,000 ఉన్నాయనుకుందాం, చెరో 5,000. ఇద్దరికీ 48 నెలల వెస్టింగ్. ఫుల్‌టైమ్ చేసిన నెలకి పూర్తి లెక్క, వీకెండ్ పని చేసిన నెలకి సగం. 14 నెలలకి నీకు 1,458 షేర్లు పక్కా అవుతాయి, వాడికి 729. వాడు ఇవాళ తప్పుకుంటే ఆ 729 వాడివే, ఎవరూ ముట్టుకోరు. మిగతా 4,271 ముందే అనుకున్న ధరకి నీకు అమ్మాలి. అలా కాకుండా వాడు రేపే జాబ్ మానేసి వచ్చాడనుకో, నీ 48 నెలలు నిండేసరికి వాడి చేతిలో 4,271 పక్కా అయి ఉంటాయి, ఇంకో 7 నెలలు చేస్తే 5,000 పూర్తి. చూశావా? 50-50 అలాగే ఉంది! ఎవరి శాతం ఎంతన్నది ఎవరెంత పని చేశారన్న దాన్నిబట్టి దానంతట అదే తేలింది. నువ్వు అంకె రాయనక్కర్లేదు.

మెయిల్ ఇలా ఉండాలి. ముందు రోజు ఫోన్ చేసి “ఒక మెయిల్ పెడుతున్నా, తీరిగ్గా చదువు” అని చెప్పు. సీసీలో ఎవరూ ఉండకూడదు, సీఏ కూడా.

“రేయ్, మన రోల్స్, షేర్ల గురించి మొదట్లో హడావిడిగా అనుకున్నాం, నేనూ అప్పుడు సరే అన్నాను. ఇప్పుడు పరిస్థితి మారింది: నేను ఫుల్‌టైమ్, నువ్వు వీకెండ్స్. నీ పరిస్థితి నాకు తెలుసు, దాని మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. కానీ మనిద్దరిలో ఎవరైనా తప్పుకోవాల్సి వస్తే ఏమవుతుందో ఎక్కడా రాసుకోలేదు. నా షేర్లతో సహా ఇద్దరికీ వెస్టింగ్ పెట్టుకుందామని నా ఆలోచన. వీకెండ్ పనిని ఎంతగా లెక్కేయాలో ముందు నువ్వే చెప్పు. ధర, హైరింగ్, బ్యాంకు, ప్రోడక్ట్: వీటిలో ఆఖరి మాట ఎవరిదో కూడా తేల్చుకుందాం. శనివారం పొద్దున ఇద్దరమే కూర్చుందామా?”

“నేనూ అప్పుడు సరే అన్నాను” అన్న మాట తీసేయకు, నింద పడకుండా కాపాడేది అదే. “నువ్వు ఎప్పుడూ”, “నేనొక్కడినే” అన్న మాటలు ఎక్కడున్నా కొట్టేయి. సగం లెక్క నా ఉదాహరణ, మెయిల్‌లో వద్దు, దాన్ని వాడి నోటితోనే రానివ్వు. రోల్స్‌లో సీఈవో, సీటీవో అన్న బిరుదుల జోలికి పోవద్దు. కస్టమర్ డిస్కౌంట్ అడిగితే ఎవరు ఔనంటారు, ఇంజనీర్‌ని తీసుకోవాలంటే ఎవరు సంతకం పెడతారు, అది తేలాలి. సగం కీచులాటలు అక్కడే పుడతాయి.

శనివారం కుదిరింది కదా అని చేతులు దులుపుకోవద్దు. షేర్‌హోల్డర్ల ఒప్పందంలో రాసి ఊరుకుంటే సరిపోదు. షేర్ల బదిలీ మీద పెట్టిన షరతు కంపెనీ నియమావళిలో లేకపోతే అది కంపెనీని కట్టిపడేయదని సుప్రీంకోర్టు 1991లో రంగరాజ్ కేసులో చెప్పింది. కాబట్టి నియమావళిలో కూడా ఎక్కించుకోండి, దానికి ఇద్దరి ఓట్లూ కావాలి. ఇంకోటి, ఆలస్యం చేయొద్దు. కంపెనీ విలువ పెరిగాక షేర్లు 10 రూపాయలకే చేతులు మారితే, అసలు విలువకీ ఇచ్చిన ధరకీ మధ్య తేడా 50,000 రూపాయలు దాటిందంటే కొన్నవాడికి ఆ తేడా మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పడొచ్చు. ధర క్లాజు రాసేటప్పుడే సీఏని కూర్చోబెట్టుకోండి.

ఒకవేళ వాడు “అంటే నన్ను పంపించేద్దామనా?” అని జవాబు పెడితే? మెయిల్‌లో వాదించకు. “లేదురా. అదే రూల్ నాకూ ఉంది, రేపు నేను తప్పుకున్నా పక్కా కాని నా షేర్లు నీకే వస్తాయి. శనివారం మాట్లాడుకుందాం” అని రెండు ముక్కలు రాసి ఆపేయి. వారం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యి, అదీ ఫోన్‌లో. లాయర్ నోటీసు మాత్రం ఆ దశలో పంపకు, నీకు కావాల్సిన ఆ రెండో ఓటు ఇంకా వాడి దగ్గరే ఉంది.