ఫోన్-ఇన్: 24 గంటల రిలేలో ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?

యాంకర్: గుంటూరు బ్రాడీపేట నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. జనవరిలో 24 గంటల రిలేకి ఆరుగురం వెళ్తున్నాం, 400 మీటర్ల ట్రాక్. పొద్దున ఆరింటికి మొదలు. ఎన్ని కిలోమీటర్లు చేస్తారో ముందే రాసివ్వమన్నారు. నేను 273 అని లెక్క కట్టా, మావాళ్ళు నవ్వుతున్నారు.

కోచ్: ఎలా కట్టారు?

కాలర్: మాలో ఇద్దరికి రౌండుకు 110 సెకన్లు, ఇద్దరికి 125, ఇద్దరికి 150 సార్. ఒక్కొక్కరి స్పీడు తీసి సగటు కడితే గంటకు 11.4 కిలోమీటర్లు వచ్చింది, దాన్ని 24తో గుణించా.

కోచ్: వంతులు టైమును బట్టా, రౌండ్లను బట్టా?

కాలర్: తలా పది రౌండ్లు సార్.

కోచ్: అక్కడే దెబ్బతిన్నారు. తలా ఇరవై నిమిషాలు పరిగెత్తితే స్పీడుల సగటు సరిపోయేది. పది రౌండ్లంటే వేగంగా పోయేవాడు 18 నిమిషాల 20 సెకన్లలో దిగిపోతాడు, నెమ్మదివాడు 25 నిమిషాలు ట్రాక్ మీదే ఉంటాడు. అంటే 24 గంటల్లో నెమ్మదివాడి వాటాయే ఎక్కువ. కాబట్టి స్పీడులు వదిలేసి సెకన్లు కూడండి. ఆరుగురివీ కలిపితే 770, తలా పది రౌండ్లంటే 7,700 సెకన్లు. ఆ టైములో 60 రౌండ్లు, అంటే 24 కిలోమీటర్లు. రోజుకు 86,400 సెకన్లు కదా, భాగిస్తే పదకొండు సార్ల పైచిలుకు, మొత్తం 269 కిలోమీటర్లు.

కాలర్: నాలుగే తగ్గింది కదా సార్!

కోచ్: ఆగండి, ఇంకా ఉంది. వంతు మారేటప్పుడు తర్వాతివాడు షూ లేసు కట్టుకుంటూ ఉంటాడు, ఏదో ఒకటి. మార్పిడికి పది సెకన్లు పోయాయనుకోండి, ఆరుగురికి నిమిషం. రోజు మొత్తంలో పదకొండు నిమిషాలే, అంటే 267 అవుతుంది.

కాలర్: మావాడొకడు రెండేసి రౌండ్లకే మారదాం, ఫ్రెష్‌గా ఉంటాం అంటున్నాడు.

కోచ్: రెండు రౌండ్లయితే కాస్త వేగంగానే పోతారు, కాదనను. కానీ 324 మార్పిళ్ళు, పదేసి సెకన్లయితే 54 నిమిషాలు ఊరికే పోయినట్టు. అదే వేగంతో లెక్కేస్తే 259కి పడిపోతుంది. పైగా మీవాడు రాత్రి మూడింటికి పది సెకన్లలో లేచి నిలబడతాడా?

కాలర్: (నవ్వు) లేవడు సార్.

కోచ్: అసలు కోత అలసట దగ్గర పడుతుంది. మీరు చెప్పిన 110, 125 ఎప్పుడు తీసినవి?

కాలర్: పోయిన ఆదివారం, ఒక్కొక్కళ్ళం ఒకసారి పరిగెత్తి.

కోచ్: అది ఫ్రెష్ టైము. మళ్ళీ ఒక ఆదివారం తలా మూడు వంతులు చేయండి, మధ్యలో నిజంగా వచ్చే విశ్రాంతి, అంటే గంటా నలభై అయిదు నిమిషాలకు అటూ ఇటూ ఇచ్చి. మూడో వంతులో రౌండు టైము ఎంత పెరిగిందో అదే మీ అసలు అంకె. అది చేసేదాకా నా అంచనా వాడుకోండి: మొదటి ఎనిమిది గంటలు ఇదే వేగం, తర్వాతి ఎనిమిది రౌండుకు ఆరు శాతం ఎక్కువ టైము, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా పదిహేను శాతం ఎక్కువ. వరసగా 222, 210, 193 రౌండ్లు. కలిపితే 625, అంటే 250 కిలోమీటర్లు.

కాలర్: అమ్మో, 273 నుంచి 250కా!

కోచ్: రాత్రి నిద్ర కూడా చూసుకోవాలి. ఆరుగురూ తిరుగుతుంటే మధ్యలో దొరికే ఆ గంటా నలభై అయిదులో తినడం, బట్టలు మార్చుకోవడం పోతే కునుకు కూడా పట్టదు. అందుకే పదింటికి ముగ్గురేసి రెండు జట్లుగా విడిపోండి, రెండింటి దాకా ఒక జట్టు, ఆరింటి దాకా ఇంకో జట్టు. ప్రతి ముగ్గురిలో 110 వాడొకడు, 125 వాడొకడు, 150 వాడొకడు ఉంటే సగటు మారదు. కాకపోతే పరిగెత్తే ముగ్గురికి వంతుకీ వంతుకీ మధ్య ముప్పావుగంటే దొరుకుతుంది, కాళ్ళు పట్టేస్తాయి. ఆ పదిహేను శాతం అందుకే వేశాను.

కాలర్: మరి మధ్యలో లెక్క సరిగ్గా పోతోందా లేదా అని ఎలా తెలుస్తుంది సార్?

కోచ్: మధ్యాహ్నం రెండింటికి చూడండి, 222 రౌండ్లకు దగ్గరుండాలి. 210 ఉంటే మార్పిళ్ళలోనే ఎక్కడో కారుతోంది, అక్కడ ఒకరిని స్టాప్‌వాచ్‌తో నిలబెట్టండి. 235 ఉంటే మాత్రం చప్పట్లు కొట్టుకోకండి, ఆ 110 వాళ్ళిద్దరినీ పిలిచి మెల్లగా పొమ్మనండి, లేకపోతే రాత్రి వాళ్ళిద్దరే ముందు పడిపోతారు.