స్టార్ల త్రిభుజం: లోపలి లూప్‌కి i తో ఏం పని?

"అన్నా, లోపలి లూప్‌లో j <= 5 అని కాకుండా j <= i అని ఎందుకు రాస్తున్నారు? i బయటి లూప్‌ది కదా, దాన్ని లోపలికి ఎందుకు తెచ్చారు?"

మనం ఇప్పుడు ఎన్నో వరుసలో ఉన్నామో i చెబుతుంది. త్రిభుజంలో ఏ వరుసలో ఎన్ని స్టార్లు రావాలన్నది ఆ వరుస నంబరు మీదే ఆధారపడి ఉంటుంది. మొదటి వరుసలో ఒకటి, మూడో వరుసలో మూడు, ఐదో వరుసలో ఐదు. కాబట్టి లోపలి లూప్ ఎక్కడ ఆగాలో చెప్పాల్సింది i నే. అక్కడ 5 అని రాసేస్తే ప్రతి వరుసలోనూ ఐదేసి స్టార్లు పడతాయి. మొత్తం 25 స్టార్లతో చతురస్రం వస్తుంది, త్రిభుజం రాదు.

జవాబు ఇంతే. కానీ ఇది విని తల ఊపడం వేరు, కాగితం మీద i, j విలువలు వేసుకుంటూ చూడటం వేరు. అందుకే ఈ వీడియోలో ఒక్క ప్రోగ్రామే తీసుకుని నిదానంగా చూద్దాం. సీ భాషలో రాస్తున్నాను.

```c
int i, j;
for (i = 1; i <= 5; i++) {
    for (j = 1; j <= i; j++) {
        printf("*");
    }
    printf("\n");
}
```

ముందుగా ఒక మాట. బయటి లూప్ వరుసలకే ఎందుకు? నిలువు వరుసలకి ఎందుకు పెట్టలేదు? ఎందుకంటే printf ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతుంది. `\n` వస్తే కింది లైన్‌కి దిగుతుంది. దిగాక పై లైన్‌కి మళ్ళీ వెళ్ళి అక్కడో స్టార్ పెట్టడం ఈ పద్ధతిలో కుదరదు. ఒక వరుస మొత్తం పూర్తయ్యాకే తర్వాతి వరుస. అందుకని నెమ్మదిగా కదిలే బయటి కౌంటర్ i వరుసని పట్టుకుంటుంది, వేగంగా తిరిగే లోపలి కౌంటర్ j ఆ వరుసలో ఎడమ నుంచి కుడికి నడుస్తుంది.

ఇప్పుడు మూడో వరుస దగ్గర ఆగి చూద్దాం. i విలువ 3. లోపలి లూప్ మొదలవుతూనే j కి 1 ఇస్తుంది. 1 అనేది 3 కంటే తక్కువే, స్టార్ పడింది. j రెండయింది. 2 కూడా 3 కి లోబడే ఉంది, ఇంకో స్టార్. j మూడయింది. 3 <= 3, సమానం కూడా చెల్లుతుంది, మూడో స్టార్. j నాలుగయింది. 4 <= 3? కాదు. లూప్ అక్కడితో ఆగిపోయింది. బయట ఉన్న `\n` వల్ల లైన్ మారింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, స్టార్లు మూడే పడినా షరతుని నాలుగుసార్లు పరీక్షించింది. ఆ నాలుగోసారి "కాదు" అన్న సమాధానం వచ్చింది కాబట్టే లూప్ ఆగింది. రెండోది, లూప్ ఆగేసరికి j లో ఉన్నది 3 కాదు, 4. ఈ 4 కాసేపట్లో మనకి పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తర్వాత i నాలుగవుతుంది. లోపలి లూప్ మళ్ళీ మొదటి నుంచీ మొదలవుతుంది, `j = 1` అన్న ముక్క మళ్ళీ నడుస్తుంది. పాత 4 పోయి 1 వస్తుంది. ప్రతి వరుసకీ j కొత్తగా ఒకటి నుంచి మొదలవడమే ఈ ప్రోగ్రామ్‌కి ప్రాణం. i మాత్రం ఎక్కడా వెనక్కి రాదు, 1 నుంచి 5 దాకా ఒక్కసారే నడుస్తుంది.

ఇదంతా కళ్ళతో చూడాలంటే నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. స్టార్ తీసేసి దాని చోట j ని ప్రింట్ చేయండి. అంటే `printf("%d", j);` అని మార్చండి, ఇంకేమీ ముట్టుకోవద్దు.

```
1
12
123
1234
12345
```

దీన్ని పై నుంచి కిందికి చదవండి. మొదటి నిలువు వరుసలో అన్నీ ఒకట్లే, రెండో దానిలో అన్నీ రెండ్లే. అంటే j అనేది కాలమ్ నంబరు. ఇప్పుడు j బదులు i ప్రింట్ చేయండి.

```
1
22
333
4444
55555
```

ఈసారి అడ్డంగా చదివితే ఒకే అంకె. i అనేది రో నంబరు. త్రిభుజం ఆకారం రెండింట్లోనూ ఒకటే, మారింది లోపలి అంకెలు మాత్రమే. స్టార్‌లో ఏ వివరమూ ఉండదు, అన్ని స్టార్లూ ఒకేలా ఉంటాయి. అంకె అయితే తను ఏ వరుసలో, ఏ కాలమ్‌లో పుట్టిందో చెప్పేస్తుంది. ప్యాటర్న్ ప్రోగ్రామ్ ఏది తప్పుగా వచ్చినా ముందు చేయాల్సింది ఇదే. స్టార్ తీసి కౌంటర్ పెట్టి చూడండి.

ఈ పద్ధతి ఎంత ఉపయోగమో ఒక తప్పు మీద చూపిస్తాను. త్రిభుజం రావాల్సిన చోట ఇలా వచ్చిందనుకోండి.

```
*
*
*
*
*
```

ఐదు వరుసలు, ఒక్కోదానిలో ఒక్క స్టారే. ఏం తప్పు జరిగి ఉంటుంది? ఈ ఒక్క అవుట్‌పుట్‌కి రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. స్టార్లు చూసి ఏదో తేల్చలేం.

మొదటి కారణం, లోపలి for చివర పొరపాటున సెమికోలన్ పడటం.

```c
for (j = 1; j <= i; j++);
{
    printf("*");
}
```

ఆ సెమికోలన్‌తో లూప్ అక్కడే ముగిసిపోయింది. లూప్ తిరుగుతుంది, కానీ దాని ఒంట్లో ఏమీ లేదు. కింద బ్రాకెట్‌లో ఉన్న printf లూప్‌కి సంబంధం లేని మామూలు లైన్ అయిపోయి, వరుసకి ఒక్కసారే నడుస్తుంది. కంపైలర్ దీన్ని తప్పు అనదు, ఎందుకంటే ఖాళీ లూప్ రాయడం భాష ప్రకారం సరైనదే. హెచ్చరికలు ఆన్ చేసి ఉంటే ఒక హెచ్చరిక రావచ్చు, అంతే.

రెండో కారణం, j ని ప్రతి వరుసకీ తిరిగి ఒకటి చేయకపోవడం. while తో రాసేటప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది.

```c
i = 1;
j = 1;
while (i <= 5) {
    while (j <= i) {
        printf("*");
        j++;
    }
    printf("\n");
    i++;
}
```

`j = 1` బయటి లూప్‌కి కూడా పైన ఉండిపోయింది, కాబట్టి ఒక్కసారే నడుస్తుంది. మొదటి వరుసలో ఒక స్టార్ పడి j రెండవుతుంది. రెండో వరుసలో j రెండు దగ్గరే మొదలవుతుంది. 2 <= 2 కాబట్టి ఒక స్టార్, j మూడు. మూడో వరుసలోనూ అంతే. i ఒక అడుగు వేస్తే j కూడా ఒక అడుగు వేసి ఆగిపోతోంది.

ఇప్పుడు రెండింట్లోనూ స్టార్ చోట j ని ప్రింట్ చేయండి. రెండో తప్పులో వరుసగా 1, 2, 3, 4, 5 వస్తాయి. సెమికోలన్ తప్పులో 2, 3, 4, 5, 6 వస్తాయి. ఎందుకో ఊహించారా? ఇందాక గుర్తుపెట్టుకోమన్న 4 ఇదే. లూప్ పూర్తిగా తిరిగి బయటికి వచ్చాక j విలువ i కంటే ఒకటి ఎక్కువ ఉంటుంది. అంకె i తో సమానంగా ఉంటే j తిరిగి మొదలవలేదని, ఒకటి ఎక్కువ ఉంటే printf లూప్ బయట పడిపోయిందని అర్థం. వెతకాల్సిన లైన్ ఏదో తేలిపోయింది.

మిగతా తప్పులు స్టార్లు చూస్తేనే తెలిసిపోతాయి. 15 స్టార్లూ ఒకే లైన్‌లో వస్తే `\n` మర్చిపోయారు. 15 స్టార్లు 15 లైన్లలో వస్తే `\n` లోపలి లూప్‌లోకి వెళ్ళింది. స్టార్లు ఆగకుండా స్క్రీన్ నిండిపోతుంటే లోపలి లూప్‌లో `j++` బదులు `i++` రాశారేమో చూడండి. అక్కడ j ఎప్పటికీ ఒకటే, i పెరుగుతూనే ఉంటుంది, షరతు తప్పదు. మొదట ఒక ఖాళీ లైన్ వచ్చి తర్వాత నాలుగు వరుసలే వస్తే, లెక్క సున్నా నుంచి మొదలుపెట్టి షరతు `j < i` అని రాశారన్నమాట. i సున్నా అయినప్పుడు ఒక్క స్టార్ కూడా పడదు కదా.

ఇక కుడివైపుకి ఆనుకున్న త్రిభుజం. స్టార్ల ముందు ఖాళీలు కావాలి. వరుస వెడల్పు 5, అందులో స్టార్లు i, మిగిలిన ఖాళీలు 5 - i.

```c
for (i = 1; i <= 5; i++) {
    for (j = 1; j <= 5 - i; j++)
        printf(" ");
    for (j = 1; j <= i; j++)
        printf("*");
    printf("\n");
}
```

రెండు లూప్‌లకీ ఒకే j వాడినా ఇబ్బంది లేదు, ప్రతి లూప్ దాన్ని ఒకటి చేసుకునే మొదలవుతోంది. కానీ ఇక్కడ ఒక మార్పు జరిగింది. రెండో లూప్‌లో j ప్రింట్ చేస్తే మూడో వరుసలో రెండు ఖాళీల తర్వాత 123 వస్తుంది. ఆ 1 నిజానికి మూడో కాలమ్‌లో ఉంది. అంటే ఇప్పుడు j కాలమ్ నంబరు కాదు, ఆ వరుసలో ఎన్నో స్టారో చెప్పే నంబరు మాత్రమే. అసలు కాలమ్ కావాలంటే 5 - i కలపాలి. j అంటే కాలమ్ అని గుడ్డిగా అనుకుని ముందుకెళ్ళినవాళ్ళు సరిగ్గా ఇక్కడే తడబడతారు.

j ని కాలమ్‌గానే ఉంచాలంటే ఒకే లూప్ పెట్టి, లోపల నిర్ణయం తీసుకోవచ్చు.

```c
for (j = 1; j <= 5; j++) {
    if (j > 5 - i)
        printf("*");
    else
        printf(" ");
}
```

ఇప్పుడు స్టార్ చోట j వేస్తే మొదటి వరుసలో చివర 5 మాత్రమే, రెండో వరుసలో 45, మూడో వరుసలో 345. నిలువుగా చూస్తే మళ్ళీ ఒకే అంకె. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి నేను ఈ రూపాన్నే ముందు చూపిస్తాను. ఒక్కో గడి దగ్గర నిలబడి ఇక్కడ స్టార్ పడాలా వద్దా అని ప్రశ్న వేసినట్టు ఉంటుంది.

చివరగా ఒకటి చేసి చూడండి. ఖాళీలకొకటి, స్టార్లకొకటి లోపలి లూప్ పెట్టిన ప్రోగ్రామ్‌లో `"*"` బదులు `"* "` అని, స్టార్ తర్వాత ఒక ఖాళీ పెట్టండి. ఇంకేమీ మార్చకండి.

```
    *
   * *
  * * *
 * * * *
* * * * *
```

కుడి అంచు పోయి గోపురం ఆకారం వచ్చింది. లెక్కలేవీ మారలేదు, ఖాళీలు 5 - i నే, స్టార్లు i నే. మారింది వెడల్పు. స్టార్ గడి ఇప్పుడు రెండు అక్షరాలది, ఖాళీ గడి మాత్రం ఇంకా ఒక అక్షరానిదే. కుడి అంచు తిరిగి నిటారుగా రావాలంటే ముందు వచ్చే ఖాళీని కూడా రెండు అక్షరాలు చేయండి, `"  "` అని.