కిలో చేపకు కిలో ఐసు ఎందుకు?

(విశాఖపట్నం పెదజాలరిపేటలో పడవల యజమానులు, కళాసీలు, చేపలు అమ్మే మహిళల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. మర్నాటికి బోట్లు నీళ్లలోకి దిగుతాయి. ఇంజన్లు విప్పి చూసుకున్నారు, వలలు బాగు చేసుకున్నారు. ఐసు పెట్టె సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, అందుకే ఈవేళ దాని గురించే మాట్లాడదామని వచ్చాను. రోజుల తరబడి సముద్రంలో ఉండే పెద్ద మరబోట్లకు లోపల ఐసు గది ఉంటుంది, వాళ్ల లెక్క వేరు. నేను చెప్పేది తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చే మన ఫైబర్ బోటు గురించి.

ఐసు మాట ఎత్తితే నాకు ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. "మేం వెళ్లొచ్చేదే ఏడెనిమిది గంటలు సార్, దానికి కూడా ఐసెందుకు?" అని. ఇది తీసిపారేసే మాట కాదు, లెక్క వేసి చూద్దాం. చేప చచ్చిన దగ్గర్నుంచి దాని చర్మం మీద, మొప్పల్లో, పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. ఐసులో సున్నా డిగ్రీల దగ్గర ఉన్న చేప ఎంత వేగంగా చెడుతుందో దాన్ని ఒకటి అనుకుందాం. 10 డిగ్రీల దగ్గర ఆ వేగం సుమారు నాలుగింతలు. 20 దగ్గర తొమ్మిదింతలు. 30 దగ్గర పదహారింతలు. మన తీరంలో ఈ కాలంలో నీళ్లే 29, 30 డిగ్రీలు ఉంటాయి, బోటు మీద ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అంటే వల లాగాక నాలుగు గంటలు చేపను ఊరికే గోనెపట్టా కింద ఉంచితే, ఐసులో రెండున్నర రోజులు దాచినంత ఆయుష్షు అయిపోయినట్టే. కానాగంతను ఐసులో ఎంత శ్రద్ధగా దాచినా నిలిచేది సుమారు వారం. అందులో మూడో వంతు దాకా ఒడ్డు కనిపించకముందే ఖర్చయిపోయింది. తర్వాత ఒడ్డున ఎంత ఐసు పోసినా ఆ పోయింది తిరిగి రాదు. ఐసు ఇకమీద చెడే వేగాన్ని తగ్గిస్తుంది, అంతవరకే.

ఇప్పుడు ఎంత ఐసు అనే ప్రశ్న. "కిలో చేపకు కిలో ఐసు" అని మా శిక్షణల్లో చెబుతుంటాం. వినేవాళ్లకు అది ఎక్కువగానే అనిపిస్తుంది. నిజానికి చేపను చల్లబరచడానికి అంత అవసరం లేదు. కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడిని లాక్కుంటుంది. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించాలంటే తీయాల్సిన వేడి సుమారు 25 కిలో కేలరీలు. అంటే కిలో చేపకు మూడో వంతు కిలో ఐసు చాలు. మిగతా రెండు వంతులు ఏమవుతున్నాయి మరి? ఎండకి, గాలికి, వేడెక్కిన బోటు అడుగుకి పోతున్నాయి.

ఒక బోటు లెక్క తీసుకుందాం. మూడు గంటలకు 60 కిలోల ఐసుతో బయల్దేరారు. ఐసు గోనె సంచిలో ఉంది. ఆరు గంటలకు వల లాగేసరికి పదిహేను కిలోలు కరిగిపోయిందనుకోండి, 45 మిగిలింది. అరవై కిలోల కానాగంతలు పడ్డాయి. వాటిని సున్నాకు దించడానికే ఇరవై కిలోలు పోతుంది. మిగిలిన 25 కిలోలతో మధ్యాహ్నం దాకా ఎండను ఆపాలి. గోనె సంచిలో అయితే అది పదింటికే నీళ్లవుతుంది, ఆపైన ఒడ్డు చేరేదాకా చేప మళ్లీ వేడెక్కుతూనే ఉంటుంది. అదే ఐసు మందపాటి థర్మోకోల్ పెట్టెలోనో, గోడల మధ్య ఫోమ్ నింపిన ఫైబర్ పెట్టెలోనో ఉంటే అంత తీసుకెళ్లక్కర్లేదు, 40 కిలోలతోనే మిగిల్చుకుని రావచ్చు. చిన్న బోటులో ఇరవై కిలోల బరువు తగ్గడం అంటే ఎంతో ఇంజన్ నడిపేవాళ్లకు తెలుసు. కాబట్టి డబ్బు పెట్టేదుంటే ముందు పెట్టె మీద పెట్టండి, అదనపు ఐసు మీద కాదు. ఆ పెట్టె మూత మాటిమాటికీ తీయకండి. నీడలో పెట్టండి, తడిపిన గోనెపట్టా కప్పండి.

పెట్టె ఉండగానే సరిపోదు, సర్దడం తెలియాలి. ఇక్కడ మీ ముందు రెండు పెట్టెలున్నాయి. రెండింట్లోనూ ఒకే బరువు చేప, ఒకే బరువు ఐసు, పొద్దున ఒకే సమయానికి పెట్టాం. మొదటిదాంట్లో చేపంతా అడుగున పోసి పైన ఐసు కుమ్మరించాం. మీలో చాలామంది చేసేది ఇదే. అక్కా, ముందుకొచ్చి మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. పైచేప చల్లగా ఉంది, నడిమి చేప ఇంకా వెచ్చగానే ఉంది కదా? ఇప్పుడు రెండోదాంట్లో పెట్టండి. ఇక్కడ అడుగున నాలుగు వేళ్ల మందం ఐసు, దానిమీద ఒక వరస చేప, మళ్లీ ఐసు, మళ్లీ చేప, పైన మందంగా ఐసు ఉన్నాయి. చేప వరస మందం రెండింతలైతే చల్లబడే సమయం సుమారు నాలుగింతలవుతుంది. అందుకే కుప్ప పోస్తే మధ్యలో చేప ఒడ్డు చేరేదాకా వెచ్చగానే ఉండిపోతుంది. దిమ్మను పగలగొట్టి పెద్ద ముక్కలు వేసినా ఇదే ఇబ్బంది. ముక్కకి చేపకి మధ్య ఖాళీ ఉండిపోతుంది, అంచులు గుచ్చుకుని మెత్తటి చేప నలుగుతుంది. క్రషర్ లేకపోతే సంచిలో వేసి చెక్కతో దంచండి, ముక్క బొటనవేలంత అయితే చాలు.

కరిగిన నీళ్ల గురించి కూడా ఒక మాట. ఐసు నుంచి కారే చల్లటి నీళ్లు చేపల మధ్యగా దిగుతూ జిగురు, నెత్తురు కడిగేస్తాయి, చలిని కూడా అందిస్తాయి. అది మంచిదే. కానీ అడుగున నెత్తురు నీళ్లు నిలవ ఉంటే చేప అందులో నానుతుంది. పెట్టెకు అడుగున చిన్న రంధ్రం, దానికో బిరడా ఉండాలి. ఒడ్డుకొచ్చాక పెట్టె హార్బర్ నీళ్లతో కడగకండి. హార్బర్‌లో డీజిల్, మురుగు, నెత్తురు అన్నీ కలిసి ఉంటాయి. కడిగేదేదో లోతు నీళ్లలోనే కడుక్కుని రండి.

కానాగంతలు, కవ్వలు లాంటివి గుంపుగా ఒక్కసారే పడతాయి, అప్పుడు వరసలు పేర్చే తీరిక ఉండదు. వాటికి ఇంకో పద్ధతి ఉంది. ముందే డ్రమ్ములో శుభ్రమైన సముద్రపు నీళ్లు కొంచెం పోసి దంచిన ఐసు కలిపి, జావలా చేసి ఉంచుకోండి. చేపలు పడగానే అందులోకి తోసెయ్యండి. నీళ్లు అన్ని పక్కలా తగలడంతో అరగంట, గంటలో చేప చల్లబడుతుంది. నీళ్ల మీద ఐసు తేలుతున్నంతసేపూ దిగులు లేదు. ఐసు కనిపించకపోతే అది వట్టి నీళ్ల డ్రమ్మే.

ఈ కానాగంతలు, సూరల విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి వేరే కారణం ఉంది. వీటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వేడిగా ఉంటే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. తిన్నవాళ్లకు కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, దురద, తలనొప్పి వస్తాయి. జనం దాన్ని "చేప పడలేదు" అనుకుంటారు. హిస్టమిన్ ఎక్కువైన చేప చూడ్డానికి బాగానే ఉండొచ్చు, వాసన కూడా రాకపోవచ్చు. వండితే పోదు. ఉప్పు పెడితే పోదు, ఎండబెట్టినా పోదు.

ఇక్కడి నుంచే ఉప్పు చేప సంగతికి వస్తాను. పాటలో ధర రాని చేపను, మిగిలిపోయిన చేపను ఉప్పు పెట్టడం మనకి మామూలే. తప్పులేదు. కానీ పొద్దున్నంతా ఎండలో ఉండి మెత్తబడిన చేపకి ఉప్పు పెడితే, మెత్తబడిన చేపే ఎండుతుంది. పొట్ట దగ్గర చీలి, ముల్లు బయటపడి, రంగు మారి ఉంటుంది. ఉప్పు పెట్టబోయే చేపను కూడా అప్పటిదాకా ఐసులోనే ఉంచాలి.

కానాగంతనే తీసుకుందాం. వీపు వైపు చీల్చి, పేగులు, మొప్పలు తీసి, నల్ల నెత్తురు గీత గోకేసి మంచినీళ్లతో కడగండి. నీళ్లు కారనిచ్చి నాలుగు కిలోల చేపకు కిలో ఉప్పు లెక్కన, వరసకో చేరెడు చల్లుతూ తొట్టెలో పేర్చండి. చేప పెద్దదై కండ మందంగా ఉంటే మూడు కిలోలకే కిలో వేయాలి. పైన చెక్క పెట్టి బరువు ఉంచితే చేపలోంచి నీరూరి అదే ఉప్పునీరవుతుంది, చేప అందులో పూర్తిగా మునిగి ఉండాలి. మునగకుండా పైకి తేలిన చేపే ముందు చెడేది. ఒక పగలూ రాత్రీ అలా ఉంచి, ఉప్పునీళ్లలోనే ఒకసారి జాడించి బయటకు తీయండి. ఉప్పు కొనేటప్పుడు చవక అని నల్లది, తడిగా కారేది తేవద్దు. అందులో మెగ్నీషియం ఎక్కువుంటే ఎండిన చేప గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ చెమరుస్తుంది. ఒకసారి వాడిన ఉప్పును ఇంకో దఫా చేపకు వాడకండి. ఎండుచేప మీద గులాబీ రంగు జిగురు, చెడ్డ వాసన వస్తుంటే అది ఉప్పులోనే బతకగల సూక్ష్మజీవి పని. ఉప్పుతో పాటే వస్తుంది, ఉప్పు ఎంత వేసినా చావదు.

ఎండబెట్టడం ఇసకలో వద్దు. నెత్తళ్లు ఇసకలో పరిచి ఎత్తితే ఆ సరుకు ఎక్కువగా కోళ్ల మేతకే పోతుంది, ధర కూడా ఆ లెక్కనే. సరుగుడు కర్రలు పాతి నడుమెత్తున పాత వల బిగిస్తే పందిరి అయిపోయింది. కింద నుంచి కూడా గాలి తగలడంతో తిప్పే పని తగ్గుతుంది, కుక్కలు రావు, ఇసక అంటదు. మొదటి రోజు జాగ్రత్త. చేప తడిగా ఉన్నప్పుడే ఈగలు గుడ్లు పెడతాయి, కాబట్టి పైన సన్న దోమతెర కప్పాలి. ఈగలు పోతాయని పురుగుమందు చల్లేవాళ్లున్నారని విన్నాను, ఆ పని మాత్రం చేయకండి. తినేది పిల్లలు. మొదటి రోజే మిట్టమధ్యాహ్నం మండే ఎండలో పెడితే పైచర్మం గట్టిపడి లోపలి తేమ బయటకు రాదు. పైకి ఎండినట్టే ఉంటుంది, వారం తర్వాత లోపల కుళ్లుతుంది. ఆ రెండు మూడు గంటలు నీడ చూపించండి. రాత్రి మంచు పడకుండా లోపలికి తెచ్చి కుప్పగా పేర్చి కప్పితే లోపలి తేమ పైకొస్తుంది, మర్నాడు అది ఆరుతుంది. ఎండిందో లేదో వేలితో నొక్కి చూస్తారు, సరే. నాకు తూకం మీద నమ్మకం ఎక్కువ. ఒక పది చేపలు గుర్తు పెట్టుకుని రోజూ సాయంత్రం తూచండి. రెండు సాయంత్రాలు బరువు తగ్గకపోతే ఇక ఆ గాలిలో ఎండేది లేదు.

"ఆ గాలిలో" అనడానికి కారణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఎండదు, పైగా నీళ్లు పీల్చుకుంటుంది. విశాఖ సముద్రపు గాలిలో చాలా రోజులు తేమ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఎండ చుర్రుమంటున్నా ఉప్పు చేప చెమరుస్తుంటే అదీ సంగతి. ముసురు పట్టిన రోజుల్లో చేపను తొట్టెలోంచి తీయనే తీయకండి. ఉప్పునీళ్లలో అలాగే ఉంచి, అడుగున కరగని ఉప్పు కనిపించేలా ఇంకాస్త వేస్తూ ఉండండి. అడుగున ఉప్పు గింజలు మిగిలి ఉన్నాయంటే ఆ నీళ్లు ఇక పట్టలేనంత ఉప్పు పట్టినట్టు. సగం ఎండి ఆగిపోయిన చేప కన్నా అందులో ఉన్న చేపే నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది. గాలి పొడిగా తిరిగిన రోజు తీసి పందిరి ఎక్కించండి.

ఇప్పుడు అడగాల్సినవి అడగండి. ఈలోగా ఆ మొదటి పెట్టెలో చేపను ఎవరైనా రెండో పెట్టెలాగా సర్దేయండి, దాన్ని సాయంత్రం అమ్ముకోవాలి కదా.