“ఒక్కపూటేనండీ”: ఆహారపు ప్రశ్నావళి, రీకాల్ బయాస్ గురించి మెథడ్స్‌లో ఏం రాయాలి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎక్కువమంది థీసిస్ రాస్తున్న పీజీ విద్యార్థులు. అందుకే ఈ రోజు ఒకే ఒక్క పేరా గురించి మాట్లాడతాను. మెథడ్స్‌లో ఆహారం గురించి రాసే పేరా అది.

ఈ మధ్య నా దగ్గరికి ఒక థీసిస్ డ్రాఫ్ట్ వచ్చింది. కొత్తగా మధుమేహం బయటపడ్డవాళ్ళు వంద మంది, లేనివాళ్ళు వంద మంది. తెల్లన్నం ఎక్కువ తినడానికీ జబ్బుకీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. మెథడ్స్‌లో ఒక వాక్యం ఉంది: “వాలిడేటెడ్ ఫుడ్ ఫ్రీక్వెన్సీ ప్రశ్నావళితో ఆహారాన్ని అంచనా వేశాం.” చివర్లో పరిమితుల కింద ఇంకో వాక్యం: “రీకాల్ బయాస్ ఉండవచ్చు.” ఈ రెండింటి మధ్య పాఠకుడికి తెలియాల్సిందంతా పోయింది.

ఏం పోయిందో చెప్పడానికి నేను ఓపీలో కూర్చుని విన్న ఒక ఇంటర్వ్యూ చెబుతాను. యాభై దాటిన ఒక అమ్మ, పక్కన కోడలు. మధుమేహం ఉందని తెలిసి మూడు వారాలయింది. “రోజుకి ఎన్ని పూటలు అన్నం తింటారమ్మా?” అని అడిగితే, “ఒక్కపూటేనండీ, రాత్రికి రెండు పుల్కాలే” అంది. వెంటనే కోడలు, “అదేంటత్తయ్యా, మొన్నటిదాకా పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం, రాత్రి కూడా అన్నమే కదా!” అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు తింటున్నది చెప్పింది. మనం అడిగింది జబ్బు తెలియకముందు సంవత్సరం గురించి, కానీ ప్రశ్నలో ఆ మాట లేదు. దానికి తోడు, అన్నం తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పి పంపారు. ఆ మాట చెవిలో ఉన్నప్పుడు పాత సంగతి అడిగినా జవాబు కొంచెం తగ్గే వస్తుంది.

మరచిపోవడం వేరు, రీకాల్ బయాస్ వేరు. అందరూ మరచిపోతారు. నిరుడు వారానికి ఎన్నిసార్లు పెరుగు తిన్నారో మీకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. రెండు గుంపుల్లోనూ ఒకేలా మరచిపోతే, ఎక్కువ, తక్కువ అని రెండుగా విడదీసిన లెక్కలో సంబంధం మామూలుగా పలచబడుతుంది. ఒక గుంపు ఒకలా, ఇంకో గుంపు ఇంకోలా చెబితే అది రీకాల్ బయాస్. అప్పుడు ఫలితం ఏ వైపుకైనా పోవచ్చు.

చిన్న లెక్క చూద్దాం. నిజానికి రెండు గుంపుల్లోనూ 50 మంది చొప్పున అన్నం ఎక్కువ తినేవాళ్ళే అనుకోండి. అంటే సంబంధం లేదు, ఆడ్స్ రేషియో 1. ఇప్పుడు రోగుల్లో ఆ 50 మందిలో 10 మంది ఆ అమ్మలాగే తక్కువ చెప్పారు. రోగుల్లో 40 మంది ఎక్కువ, 60 మంది తక్కువ అయ్యారు. రెండో గుంపు 50, 50గానే ఉంది. ఆడ్స్ రేషియో 0.67కి దిగింది. అంటే అన్నం ఎక్కువ తింటే మధుమేహం రాదన్నట్టు వచ్చింది! పది మంది జవాబులు చాలు. “ఉండవచ్చు” అన్న ఒక్క మాట ఈ ప్రమాదాన్ని చెప్పదు. ఏ వైపు ఉండవచ్చో, ఎందుకో రాయాలి.

వేరే జబ్బులో దిశ మారుతుంది. నాకెందుకు వచ్చిందీ అని వెతుక్కునే రోగి ఫలానాది ఎక్కువ తిన్నానని చెప్పుకోవచ్చు. అమెరికాలో నర్సుల హెల్త్ స్టడీలో దీన్ని నేరుగా చూశారు. 1986లో అందరూ ప్రశ్నావళి నింపారు. తరువాత కొందరికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వాళ్ళనీ, రానివాళ్ళనీ 1989లో ఆ పాత ఆహారం గురించే మళ్ళీ అడిగారు. ముందే రాసిన జవాబుల్లో కొవ్వు ఎక్కువ తిన్నవారికి ముప్పు పెరిగినట్టు లేదు. తరువాత గుర్తు చేసుకుని రాసిన జవాబుల్లో పెరిగినట్టు కనిపించింది. మనుషులు వాళ్ళే, ఆహారమూ అదే.

ఇక “వాలిడేటెడ్” అన్న మాట. ఎవరి మీద, దేనితో పోల్చి? అదే నర్సుల స్టడీలో 61 అంశాల ప్రశ్నావళిని బోస్టన్‌లో 173 మంది మీద, ఒక్కొక్కరు నాలుగు వారాలపాటు తూచి రాసుకున్న ఆహారంతో పోల్చి చూశారు. కరీంనగర్ పల్లెలో ఉమ్మడి కుటుంబానికి ఆ ఫలితం పనికిరాదు. మన దగ్గర చాలామంది 24 గంటల రీకాల్‌తో పోలుస్తారు. తప్పులేదు, కానీ అదీ జ్ఞాపకం మీదే ఆధారపడుతుంది. రెండింటిలో ఒకే రకం పొరపాటు ఉంటే, రెండూ బాగా కలిసినట్టు కనిపిస్తాయి. కాబట్టి దేనితో పోల్చారో, ఎన్ని రోజులో, ఏ కాలంలోనో రాయండి.

కాలం అన్నాను కాబట్టి మామిడిపండు సంగతి చెప్పాలి. మే నెలలో ఇంటర్వ్యూ చేస్తే, “రోజుకి రెండు” అంటారు. దాన్ని అలాగే టిక్ పెడితే ఏడాదికి 730 పళ్ళు! దొరికేది రెండు నెలలే అనుకుంటే 120 పళ్ళు, ఏడాది మొత్తం మీద సగటున రోజుకి మూడో వంతు పండు. ఆరు రెట్లు తేడా. నూనె కూడా ఇలాంటిదే. ఎవరూ చెంచాల్లో చెప్పలేరు. నెలకి ఇంట్లోకి ఎంత కొంటారని అడిగి, తినేవాళ్ళ సంఖ్యతో భాగిస్తాం. నలుగురికి మూడు లీటర్లయితే మనిషికి రోజుకి 25 మి.లీ. కోడలూ అత్తగారూ సమానంగా తింటారన్న ఊహ అందులో ఉంది. ఆ ఊహని కూడా మెథడ్స్‌లో రాయాలి.

ఇప్పుడు ఆ డ్రాఫ్ట్ పేరాని మళ్ళీ రాస్తే ఎలా ఉంటుందో చదువుతాను. మీరు ఇంగ్లీషులో రాస్తారు, విషయం ఇదే. అంకెలూ వివరాలూ ఆ థీసిస్‌కి సరిపడేలా నేను పెట్టినవి.

“జబ్బు నిర్ధారణకి ముందు 12 నెలల ఆహారాన్ని, 86 అంశాల ప్రశ్నావళితో, తెలుగులో, ముఖాముఖి అడిగాం. జబ్బు లేనివారిని ఇంటర్వ్యూకి ముందు 12 నెలల గురించి అడిగాం. ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘రోజుకి మూడుసార్లకు పైన’ వరకు తొమ్మిది ఎంపికలు ఉన్నాయి. అన్నం కొలతకి 150 మి.లీ. స్టీలు గిన్నె చూపించాం. పళ్ళకి దొరికే నెలలు విడిగా అడిగాం. పోషకాలను 2017 భారతీయ ఆహార కూర్పు పట్టికల నుంచి లెక్కించాం. రోగులను నిర్ధారణ తరువాత 30 రోజుల్లోపు ఇంటర్వ్యూ చేశాం. ఎవరు రోగో ఇంటర్వ్యూ చేసేవారికి తెలుసు. అప్పటికే ఆహార సలహా అందిందా అన్నది నమోదు చేశాం.”

చివరి రెండు వాక్యాలు రాయడానికి చాలామంది భయపడతారు. గైడు ఒప్పుకోరనీ, ఎగ్జామినర్ పట్టుకుంటారనీ టెన్షన్. కానీ వాటివల్లే పాఠకుడు ఫలితాన్ని తూచగలుగుతాడు. 2016లో వచ్చిన స్ట్రోబ్-నట్ మార్గదర్శకాలు కూడా ఆహారాన్ని ఎలా కొలిచారో ఇలా వివరంగా చెప్పమనే అడుగుతాయి.

రాసి ఊరుకోకుండా ఒకటి రెండు పరీక్షలు కూడా పెట్టవచ్చు. సలహా అందినవారినీ అందనివారినీ విడదీసి అన్నం లెక్క చూడండి. అందినవారిలోనే అన్నం బాగా తక్కువగా ఉంటే, అది జ్ఞాపకాన్ని మార్చిన సలహా కావచ్చు. ఇంకొకటి, జబ్బుతో ముడిపెట్టి ఎవరూ ఆలోచించని ఆహారం, దోసకాయ లాంటిది, ప్రశ్నావళిలో ఉంచండి. అన్నంలో, స్వీట్లలో మాత్రమే రెండు గుంపుల మధ్య తేడా ఉండి, దోసకాయలో లేకపోతే, ఆ తేడాని కొంచెం అనుమానంగా చూడాలి. అది నిజమైన తేడా కూడా కావచ్చు, ఈ పరీక్ష ఒక్కటే తేల్చలేదు.

నిజానికి ఆ డ్రాఫ్ట్ రాసిన విద్యార్థి దగ్గర సలహా వివరం నమోదు కాలేదు. ఇంటర్వ్యూలు అయిపోయాయి, మళ్ళీ పిలిచి అడిగినా ఇప్పుడు వచ్చేది ఇంకో జ్ఞాపకమే. నిర్ధారణ తేదీ, ఇంటర్వ్యూ తేదీ మాత్రం కేస్ షీట్లలో ఉన్నాయి. ఆ రెండింటి మధ్య రోజులు లెక్కపెట్టి, వారంలోపు అడిగిన రోగులనీ తరువాత అడిగినవారినీ వేరు చేసి పట్టిక వేయమన్నాను. ఇప్పుడు ఆ పని మీదే ఉన్నాడు.