గ్యాంగ్‌సా ఆయుష్షు తగ్గితే ఏటా రాయాల్సిన తరుగుదల ఎంత?
(ఒంగోలులో గ్రానైట్ యూనిట్ల అకౌంటెంట్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది చీమకుర్తి చుట్టుపక్కల యూనిట్ల లెక్కలు చూసేవాళ్ళే కాబట్టి ఈ విషయాన్ని గ్రానైట్ బ్లాకుని స్లాబులుగా కోసే ఒక్క గ్యాంగ్‌సా మీద పెట్టి చెప్తాను. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే.

ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ 1 ఏప్రిల్ 2019న 1,20,00,000 రూపాయలకు గ్యాంగ్‌సా కొన్నది. కంపెనీల చట్టం 2013లోని రెండో షెడ్యూల్ ప్రకారం మామూలు మెషినరీకి 15 ఏళ్ళు. స్క్రాప్ విలువ 5 శాతం, అంటే 6,00,000. స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో మిగిలిన 1,14,00,000ని 15తో భాగిస్తే ఏడాదికి 7,60,000 తరుగుదల. అయిదేళ్ళకు 38,00,000 రాశారు. 31 మార్చి 2024 నాటికి పుస్తక విలువ 82,00,000.

ఏప్రిల్ 2024లో అదే షెడ్డు పక్కన మల్టీవైర్ మెషిన్ దింపారు. డైమండ్ వైర్లతో గెలాక్సీ బ్లాకు త్వరగా తెగుతుంది, స్లాబు ముఖం కూడా నున్నగా వస్తుంది. దాంతో గ్యాంగ్‌సాని ఇంకో అయిదేళ్ళు మాత్రమే నడిపి, 2029 మార్చిలో తీసేద్దామని నిర్ణయించుకున్నారు. మెషిన్ అరగలేదు, దాని టెక్నాలజీ పాతబడింది. ఉపయోగ కాలం తగ్గడానికి ఇదీ న్యాయమైన కారణమే.

ఇక్కడే చేతికి మొదట తగిలే తప్పు ఒకటుంది. మొత్తం ఆయుష్షు 15 నుంచి 10కి తగ్గింది కదా అని 1,14,00,000ని 10తో భాగించి, ఇకపై ఏటా 11,40,000 రాస్తారు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. అలా అయిదేళ్ళు రాస్తే 57,00,000, పాత 38,00,000 కలిపితే 95,00,000. 2029 మార్చిలో మెషిన్ ఇనుముకి పోయేనాటికి పుస్తకాల్లో 25,00,000 నిలిచి ఉంటుంది. రావాల్సింది 6,00,000. మిగతా 19,00,000 ఆ ఒక్క ఏడాది నష్టంగా వచ్చి పడుతుంది.

సరైన లెక్క మొదలయ్యేది కొన్న ధర దగ్గర కాదు, నేటి పుస్తక విలువ దగ్గర. 82,00,000 నుంచి 6,00,000 తీసేస్తే 76,00,000. దాన్ని మిగిలిన అయిదేళ్ళకు పంచితే 15,20,000. పాత మొత్తానికి సరిగ్గా రెట్టింపు. ఎక్సెల్‌లో ఇలా వేసి చూసుకోండి:

```
=SLN(8200000,600000,5)
```

ఇంత ఎక్కువా అని యజమాని ముఖం చిట్లిస్తాడు. గత అయిదేళ్ళు తక్కువ రాశాం కాబట్టి ఆ తేడా 19,00,000ని పాత లాభాల్లోంచి కొట్టేసి, ఇకపై 11,40,000 రాద్దామంటాడు. కుదరదు. 2019లో ఎవరికీ ఈ మల్టీవైర్ సంగతి లెక్కలోకి రాలేదు. అప్పటి సమాచారంతో 15 ఏళ్ళు సరైన అంచనాయే. ఇప్పుడు వెనక్కి వెళ్ళి సరిచేయడం గతజల సేతుబంధనం. అంచనా మార్పు ప్రభావం ఈ ఏడాదికీ రాబోయే ఏళ్ళకీ మాత్రమే పోతుంది. కంపెనీ పాత అకౌంటింగ్ ప్రమాణాల్లో ఉంటే ఏఎస్ 5, ఏఎస్ 10 చెప్పేది ఇదే. ఇండ్ ఏఎస్‌లో ఉంటే ఇండ్ ఏఎస్ 8, 16 చెప్పేదీ ఇదే.

అయితే అంచనా మార్పుకీ పొరపాటుకీ తేడా గట్టిగా పట్టుకోవాలి. ఆధారం ఎప్పుడు చేతికొచ్చిందని అడగండి. మల్టీవైర్ ఆర్డరు, ఇంజనీరు రిపోర్టు, బోర్డు తీర్మానం 2024వి అయితే అంచనా మార్పు. అదే 2019 కాంట్రాక్టులోనే పదేళ్ళకు మెషిన్ వాపసు ఇవ్వాలని రాసి ఉండి, ఎవరూ చదవకుండా 15 వేసి ఉంటే అది పొరపాటు, దాని దారి వేరు. పాత పొరపాటును అంచనా మార్పు ముసుగులో దాస్తే ఆడిటర్ అడిగే మొదటి కాగితం ఆ కాంట్రాక్టే.

రెండో షిఫ్టు సంగతీ ఇందులో కలపకండి. డబుల్ షిఫ్టు నడిచిన కాలానికి 50 శాతం, ట్రిపుల్ షిఫ్టుకు 100 శాతం అదనంగా రాయడం షెడ్యూల్ పెట్టిన నియమం. ఉపయోగ కాలం మారినట్టు కాదు. మన ఉదాహరణలో ఒకే షిఫ్టు అనుకున్నాం.

నిర్ణయం ఏడాది మధ్యలో, 1 అక్టోబరు 2024న జరిగితే? ఆరు నెలలు పాత రేటున 3,80,000 రాస్తారు. అప్పటి పుస్తక విలువ 78,20,000. అందులో 6,00,000 తీసేసి మిగిలిన నాలుగున్నరేళ్ళకు పంచుతారు. పద్ధతి అదే, మొదలుపెట్టే రోజు ఒక్కటే మారింది. ఇంకో జాగ్రత్త: ఆ మెషిన్ వల్ల పుస్తక విలువంత డబ్బు తిరిగి రాదనిపిస్తే ముందు ఇంపెయిర్‌మెంట్ చూసి ఆ విలువను తగ్గించాలి, మిగిలినదాన్నే పంచాలి.

ఇక పద్ధతి మార్పు. పాత పుస్తకాలు చదివినవాళ్ళు తడబడేది ఇక్కడే. ఏఎస్ 6 ఉన్నన్నాళ్ళు పద్ధతి మార్చడమంటే పాలసీ మార్చడం; కొన్న రోజు నుంచి కొత్త పద్ధతిలో తిరగలెక్క వేసి తేడా మొత్తాన్ని ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో వేసేవారు. 1 ఏప్రిల్ 2016 నుంచి మొదలైన సంవత్సరాలకు సవరించిన ఏఎస్ 10 వచ్చింది. ఇప్పుడు అది కూడా అంచనా మార్పే. వెనక్కి వెళ్ళే పని లేదు.

మన గ్యాంగ్‌సానే ఇంకోలా చూద్దాం. తీసేయడం లేదు, ఇంకా పదేళ్ళు ఉంచుతారు, కానీ మల్టీవైర్ వచ్చాక దాని పని ఏటేటా తగ్గుతూ పోతుంది. మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ వాడతారు కాబట్టి ఏటా మిగిలిన విలువ మీద ఒకే రేటు వేసే రిటన్ డౌన్ వాల్యూ పద్ధతికి మారడం సమంజసం. లాభం ఎక్కువో తక్కువో చూపించాలన్న కోరిక కారణం కాకూడదు.

చాలామంది 15 ఏళ్ళ ఆస్తి కదా అని పట్టికలోని 18.10 శాతం వేసేస్తారు. ఆ రేటు కొన్న రోజు నుంచి 15 ఏళ్ళకు కట్టింది. 82,00,000 మీద దాన్ని పదేళ్ళు నడిపితే చివర సుమారు 11 లక్షలు మిగులుతుంది, 6 లక్షలు కాదు. రేటును మళ్ళీ కట్టాలి:

```
=1-(600000/8200000)^(1/10)
```

జవాబు సుమారు 23.01 శాతం. మొదటి ఏడాది తరుగుదల సుమారు 18,87,000. తర్వాతి ఏడాది మిగిలిన విలువ మీద అదే రేటు.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆస్తి మాస్టర్‌లో 15ని 10గా దిద్దితే చాలు, కొన్న రోజు నుంచి తిరగలెక్క వేసి తేడానంతా ఈ నెల ఖర్చులో కుమ్మరిస్తాయి. దిద్దే ముందు రిజిస్టర్ కాపీ తీసుకోండి. దిద్దాక పోగైన తరుగుదల ఓపెనింగ్ 38,00,000 గానే ఉందో లేదో చూడండి. మారి ఉంటే అక్కడే ఆపేయండి.

ఆదాయపు పన్నుకు ఆస్తుల బ్లాకు లెక్క వేరే నడుస్తుంది, ఈ మార్పు అక్కడికి పోదు. డిఫర్డ్ టాక్స్ మాత్రం కదులుతుంది.

చివరగా నోట్సులో పెట్టాల్సిన వాక్యం, మొదటి ఉదాహరణకు: "కొత్త యంత్రం ఏర్పాటు వల్ల గ్యాంగ్‌సా మొత్తం ఉపయోగ కాలాన్ని 15 నుంచి 10 ఏళ్ళకు, సాంకేతిక నిపుణుల సలహాపై, 1 ఏప్రిల్ 2024 నుంచి సవరించాం. దీనివల్ల ఈ ఏడాది తరుగుదల 7,60,000 పెరిగి, పన్నుకు ముందు లాభం అంతే తగ్గింది. మిగిలిన నాలుగేళ్ళలోనూ ఏటా ఇంతే ప్రభావం ఉంటుంది." పక్క కాలమ్‌లో ఉన్న 2023-24 తరుగుదల 7,60,000 మాత్రం తాకకుండా అలాగే వదిలేయండి.